గాలి మారలేదు, పాసు వచ్చింది: వాణిజ్య మార్గాల వ్యాసం రాయడమెలా?

‘13వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం మధ్య వరకు కోరమండల్ తీర సముద్ర వాణిజ్యంలో కొనసాగింపును, మార్పును విశ్లేషించండి.’ గ్రూప్-1 మెయిన్స్‌లోనో, సివిల్స్ హిస్టరీ ఆప్షనల్‌లోనో ఇలాంటి ప్రశ్న కనిపిస్తే చాలామంది కలం నేరుగా 1498కి పరుగెడుతుంది. వాస్కోడగామా కాలికట్‌లో దిగాడు, పోర్చుగీసువారు గోవా పట్టుకున్నారు, తర్వాత డచ్చివారు, ఆ తర్వాత ఆంగ్లేయులు. పేజీన్నర నిండుతుంది. తేదీలన్నీ సరిగ్గానే ఉంటాయి. మార్కులు మాత్రం సగం దగ్గరే ఆగిపోతాయి.

కారణం సులువే. అది ఐరోపావారి రాక మీద రాసిన జవాబు. ప్రశ్న అడిగింది వాణిజ్యం గురించి. ఏది మారిందో చెప్పాలంటే ముందు ఏ స్థితి నుంచి మారిందో చెప్పాలి. ఈ ప్రశ్నకు ఆ తొలి స్థితి తెలుగు నేల మీదే రాతి మీద చెక్కి ఉంది.

నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం గురించి పోటీ పరీక్షలకు చదివేవారందరికీ తెలుసు. కానీ ‘విదేశీ వర్తకులకు రక్షణ కల్పించాడు’ అన్న ఒక్క వాక్యంతో దాన్ని ముగించేస్తారు. శాసనంలో ఉన్నది అంతకంటే చాలా ఎక్కువ. తుపానుకు దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాగేసుకునేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ రాజు అందులో మాట ఇచ్చాడు. ఎగుమతి, దిగుమతి సరుకులపై సుంకం ముప్పైకి ఒక వంతు, అంటే సుమారు 3.3 శాతం. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, రాగి, మిరియాలు, పోకచెక్క లాంటి సరుకుల పేర్లూ అందులో కనిపిస్తాయి. ఒక్క స్తంభం మీద సరుకుల జాబితా, పన్ను రేటు, సముద్ర ప్రమాదం, రాజు పాత్ర నాలుగూ దొరుకుతున్నాయి. వ్యాసానికి ఇంతకంటే మంచి ప్రారంభ బిందువు ఏముంటుంది?

ఆ తర్వాత కాకతీయ రాజ్యం కూలిపోయింది. రేవు మాత్రం నడిచింది. 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు అభయమిస్తూ మళ్లీ శాసనం వేయించాడు. వంశం మారినా ఏలికకు వర్తకుడి అవసరం తీరలేదనడానికి ఇది చేతికందే రుజువు. ‘కొనసాగింపు’ అన్న మాట రాసిన ప్రతిచోటా ఇలాంటి రెండు తేదీల సాక్ష్యం పక్కన పెట్టాలి. ఒకే తేదీతో కొనసాగింపు నిరూపణ కాదు. ఇంత చిన్న సంగతిని చాలామంది పట్టించుకోకపోవడం ఆశ్చర్యమే.

ఇక అసలు పని. ‘వాణిజ్య మార్గం’ అని ఒకే ముద్దగా రాస్తే విశ్లేషణ ముందుకు కదలదు. దాన్ని విడదీసి, ఓడ ఏ దారిన పోయింది, ఏం మోసింది, ఎవరి అనుమతితో పోయింది అని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఐదు శతాబ్దాల్లో ఈ మూడింటి జవాబులూ ఒకే వేగంతో మారలేదు. ఆ తేడాను చూపడమే విశ్లేషణ.

దారి సంగతి చూస్తే, ఓడ తెరచాపతో నడిచినంత కాలం యజమాని రుతుపవనమే. నైరుతి గాలి అరేబియా సముద్రం మీదుగా ఓడలను భారత తీరానికి తెచ్చేది, చలికాలపు ఈశాన్య గాలి వాటిని తిరిగి పడమటికి తీసుకెళ్లేది. క్రీస్తుశకం తొలి శతాబ్దంలో గ్రీకు నావికులు వాడుకున్నదీ, అరబ్బులు వాడుకున్నదీ, చివరికి వాస్కోడగామా ఓడలు మాలిందిలో ఎక్కించుకున్న మార్గదర్శకుడు వాడుకున్నదీ ఇదే గాలి. ఆఫ్రికా కొస చుట్టి హిందూ మహాసముద్రంలోకి రావడం కొత్త. లోపలికి వచ్చాక నడిచిన పద్ధతి పాతదే. రేవులో సరుకు దించే తీరు కూడా పెద్దగా మారలేదు. మచిలీపట్నం దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు తీరానికి దూరంగా లంగరు వేస్తే చిన్న పడవలు సరుకును ఒడ్డుకు చేర్చేవి. కంపెనీ ఓడ వచ్చినా ఆ పడవవాళ్లు లేనిదే ఒక్క మూట నేల తాకేది కాదు.

మోసిన సరుకులో ముందు చూడాల్సింది వస్త్రం. 13వ శతాబ్దం చివర్లో మోటుపల్లిని వర్ణించిన మార్కోపోలో వజ్రాలతో పాటు ఇక్కడి సన్నని వస్త్రాన్నీ మెచ్చుకున్నాడు. 17వ శతాబ్దం తొలి దశకంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు ఈ తీరానికి వచ్చింది కూడా ఆ వస్త్రం కోసమే. ఎందుకు? ఇండోనేషియా దీవుల్లో లవంగం, జాజికాయ పండించేవారికి కావలసింది కోరమండల్ వస్త్రం. ఐరోపా సరుకుకు అక్కడ గిరాకీ లేదు. ఆసియా వర్తకులు తరతరాలుగా ఇక్కడి గుడ్డ అక్కడ అమ్మి, అక్కడి సుగంధ ద్రవ్యాలు కొనేవారు. డచ్ కంపెనీ ఆ గొలుసును కొత్తగా కట్టలేదు. ఉన్న గొలుసులో తానూ చేరి, తర్వాత మిగతావారిని పక్కకు నెట్టింది.

కొనసాగింపుకు కూడా కారణం రాయాలన్న నియమం ఇక్కడే పనికొస్తుంది. మార్పుకు కారణాలు రాయడం విద్యార్థులకు అలవాటే. కొనసాగింపు దగ్గరకొచ్చేసరికి ‘యథాతథంగా కొనసాగింది’ అని వదిలేస్తారు. ఒక స్థితి వందల ఏళ్లు నిలిచిందంటే దాన్ని నిలబెట్టినవి ఉంటాయి. గాలికి ప్రత్యామ్నాయం లేకపోవడం, ఒక్కో మార్కెట్ అభిరుచికి తగ్గట్టు నేసి రంగులద్దే పనివారు ఇక్కడ ఉండటం, దీవుల్లో ఆ గుడ్డకున్న గిరాకీ తగ్గకపోవడం అలాంటివే.

మూడో ప్రశ్న, అనుమతి. మార్పు బలంగా కనిపించేది ఇక్కడ. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు ‘కార్తాజ్’ అనే పాసు పెట్టారు. ఓడ ఎక్కడికి వెళ్తోంది, నాయకుడెవరు, ఏ ఆయుధాలున్నాయి అన్నవి అందులో రాసి ఉండాలి. పాసు లేని ఓడను సముద్రం మధ్యలో పట్టుకునేవారు. అంతకుముందు రాజులు సుంకం వసూలు చేసింది రేవులో, సరుకు మీద. నడి సముద్రంలో ప్రయాణానికే అనుమతి అమ్మడం ఈ జలాలకు కొత్త.

అయితే ఇక్కడ తొందరపడి ‘పోర్చుగీసువారు వాణిజ్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారు’ అని రాస్తే పరీక్షకుడి ఎర్రగీత తప్పదు. 1510లో గోవా, 1511లో మలక్కా, 1515లో హోర్ముజ్ వారి చేతికి వచ్చాయి. 1513లో ఏడెన్‌ను మాత్రం గెలవలేకపోయారు. దాంతో ఎర్ర సముద్రపు ద్వారం తెరిచే ఉండిపోయింది. శతాబ్దం మధ్యకల్లా సుమత్రాలోని అచే నుంచి, మలబారు తీరాన్ని తప్పించి, మాల్దీవుల మీదుగా మిరియాలు ఎర్ర సముద్రానికి చేరుతున్నాయి. అక్కడి నుంచి అలెగ్జాండ్రియాకు, వెనిస్‌కు. దారి పక్కకు జరిగింది, ప్రవాహం ఆగలేదు. ఒకే ఉదాహరణలో మార్పూ కొనసాగింపూ రెండూ ఉన్న ఇలాంటి సందర్భమే వ్యాసానికి బంగారం. పది పేర్లు రాసే చోట దీన్ని నాలుగు వాక్యాల్లో విడమరిస్తే చాలు.

తెలుగు తీరానికి తిరిగొస్తే, ఇంతకంటే పదునైన పోలిక ఒకటి ఉంది. 1632లో గోల్కొండ సుల్తాన్ ఆంగ్ల కంపెనీకి ‘బంగారు ఫర్మానా’ ఇచ్చాడు. ఏడాదికి 500 పగోడాలు కట్టి రాజ్యంలోని రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చు. దీన్ని 1244 నాటి శాసనం పక్కన పెట్టి చూడాలి. రెండుచోట్లా విదేశీ వర్తకుడికి షరతులు రాసిచ్చింది స్థానిక పాలకుడే, కాబట్టి అది కొనసాగింపు. కానీ మోటుపల్లి సుంకం వచ్చిన వర్తకులందరికీ ఒకటే, సరుకు పెరిగితే ఖజానా ఆదాయమూ పెరుగుతుంది. ఫర్మానా ఒక్క కంపెనీకి దక్కిన ప్రత్యేక హక్కు. వ్యాపారం ఎంత పెరిగినా కట్టేది అదే 500. పెరిగిన లాభమంతా కంపెనీదే.

జవాబు పత్రంలో ఇది ఎలా కనిపించాలి? బలహీనమైన వాక్యం ఇలా ఉంటుంది: ‘గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించాడు. 1632లో సుల్తాన్ బంగారు ఫర్మానా ఇచ్చాడు.’ రెండు నిజాలు, మధ్యలో ఖాళీ. దాన్నే ఇలా రాయవచ్చు: ‘1244లో అందరికీ ఒకే రేటుగా ఉన్న సుంకం 1632 నాటికి ఒక కంపెనీకి నిర్ణీత మొత్తపు రాయితీగా మారింది. షరతులు పెట్టే అధికారం ఇంకా పాలకుడిదే అయినా, వాణిజ్యం పెరిగితే కలిగే లాభంలో అతని వాటా పోయింది.’ చదివేవారికి ఇక్కడ వాదన దొరుకుతుంది.

మొదటి పేరాలోనే పెట్టాల్సిన ప్రధాన వాదన కూడా ఇదే పద్ధతిలో వస్తుంది: ‘1244 నుంచి 1759 వరకు కోరమండల్ తీరంలో గాలి నడిపిన దారులూ వస్త్ర ప్రధానమైన ఎగుమతులూ చాలావరకు నిలిచాయి; వాణిజ్యానికి అనుమతి ఇచ్చే అధికారం మాత్రం రేవు పాలకుల నుంచి సాయుధ కంపెనీలకు క్రమంగా చేరింది.’ 1759తో ముగించడానికి కారణముంది. కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఆంగ్ల సైన్యం ఫ్రెంచివారి నుంచి మచిలీపట్నాన్ని గెలుచుకున్నది ఆ ఏడాదే. ఒకప్పుడు షరతులు రాయించుకున్న కంపెనీ ఇక షరతులు రాసే స్థితికి వచ్చింది. ప్రశ్నలో కచ్చితమైన తేదీలు లేనప్పుడు హద్దులు అభ్యర్థే గీసుకోవచ్చు, ఎందుకు గీశారో ఒక వాక్యంలో చెప్పాలి.

అమెరికాలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ప్రపంచ చరిత్ర పరీక్ష రాసే తెలుగు పిల్లలకూ ఇదే పద్ధతి సరిపోతుంది. అక్కడి దీర్ఘ వ్యాసానికి 40 నిమిషాలు, 6 పాయింట్లు. అందులో వాదనకు, నేపథ్యానికి, సాక్ష్యానికి, విశ్లేషణకు విడివిడిగా పాయింట్లుంటాయి. సాక్ష్యానికి ఇచ్చేవి రెండే, కాబట్టి తేదీలు గుప్పించి లాభం లేదు. మన దగ్గర జనరల్ స్టడీస్‌లో 15 మార్కుల జవాబుకు 250 పదాలే చోటు. అలాంటప్పుడు మోటుపల్లి, అచే దారి, ఫర్మానా అనే మూడు సాక్ష్యాలు చాలు. గోవా, మలక్కా ఒక్క వాక్యంలో దాటిపోవచ్చు.

ఒక జాగ్రత్త. ఇదే ప్రశ్నను 19వ శతాబ్దం చివరి దాకా పొడిగించి అడిగితే ఈ వాదన యథాతథంగా పనికిరాదు. ఆవిరి ఓడలు వచ్చాక, 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక గాలి పెత్తనం పోయింది. ఇంగ్లండ్ మిల్లు గుడ్డ రావడంతో వస్త్రం నడిచే దిశే తిరగబడింది. కొనసాగింపు అని రాసినవే అప్పుడు మార్పు జాబితాలోకి వెళ్తాయి. కాబట్టి పరీక్ష హాల్లో కలం కదిలించే ముందు ప్రశ్నలోని చివరి తేదీ కింద గీత గీసుకోండి.