పేరాకు తగిన శీర్షిక ఏది?

విదేశాల్లో చదువు కోసం ఐఈఎల్‌టీఎస్ రాసే మన పిల్లలు ఇంగ్లీషు పాఠ్యభాగం చదివి, ప్రతి పేరాకు సరిపోయే శీర్షికను ఎంచుకోవాలి. పేరాల కంటే శీర్షికలు ఎక్కువ ఇస్తారు. కొన్ని మిగిలిపోతాయి. రీడింగ్ పరీక్షలో 40 ప్రశ్నలకు 60 నిమిషాలే సమయం. మార్కాపురం, గిద్దలూరు వైపు పిల్లలకు చెప్పేటప్పుడు మేము ఎక్కువగా చూసే తప్పు ఒకటుంది. పేరాలో కనిపించిన మాటే శీర్షికలో ఉంటే చాలు, వెంటనే దాన్ని పెట్టేస్తారు.

మనకు తెలిసిన పలకలతోనే ఒక అభ్యాసం తయారు చేసుకున్నాం. మొదటి పేరా సారాంశం ఇది: 'మార్కాపురం పలకలు ఒకప్పుడు ఎన్నో ఊళ్ల బడులకు వెళ్లేవి. పిల్లలు వాటిమీదే అక్షరాలు దిద్దేవారు. అయితే కాలక్రమంలో గిరాకీ తగ్గింది. ఇప్పుడు అదే రాయిని నేలకూ గోడలకూ వేసే బండలుగా కోస్తున్నారు.' రెండో పేరా నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతిపలకను ఎలా పక్కకు నెట్టాయో వివరిస్తుంది.

ఇచ్చిన శీర్షికలు మూడు: 1. బడిలో పలకల వాడకం. 2. పలకలకు గిరాకీ ఎందుకు తగ్గింది? 3. పాత రాయికి కొత్త ఉపయోగం.

ఒక అమ్మాయి మొదటి పేరాకు రెండో శీర్షిక పెట్టింది. 'గిరాకీ తగ్గింది అని ఉంది కదా సార్' అంది. ఉన్న మాట నిజమే. కానీ ఎందుకు తగ్గిందో ఆ పేరాలో లేదు. చివరి వాక్యాన్ని వేలితో మూసి మళ్లీ చూడమన్నాం. ఆ వాక్యం లేకపోయినా తను పెట్టిన శీర్షికకు ఏ లోటూ రాలేదు. అంటే ఆ శీర్షిక పేరాలో ముఖ్యమైన భాగాన్ని పట్టించుకోలేదన్నమాట. మూడో శీర్షిక అలా కాదు. చివరి వాక్యం తీసేస్తే అది నిలవదు. పాత వాడకం, తగ్గిన గిరాకీ, కొత్త బండలు అన్నీ దానిలో ఇముడుతాయి.

ఇక్కడ నష్టం ఒక్క మార్కుతో పోదు. రెండో పేరాకు దక్కాల్సిన శీర్షిక ముందే ఖర్చయింది కనుక అక్కడా తప్పే పడుతుంది. అందుకే తేలికగా తేలే పేరాలు ముందు చేసి, అనుమానం ఉన్నవాటికి రెండేసి శీర్షికలు పెన్సిలుతో రాసుకుని చివర తేల్చుకోమంటాం. 'అయితే', 'కానీ' అనే అర్థమిచ్చే 'హవెవర్', 'బట్' కనిపిస్తే ఆగమంటాం. పేరా మలుపు తిరిగేది చాలాసార్లు అక్కడే. మొదటి వాక్యం మాత్రమే చదివి తేల్చేవారు మోసపోయేదీ అక్కడే.

ఈ పద్ధతికీ హద్దు ఉంది. పేరాలో సగం మాటలు తెలియనప్పుడు ఏ చిట్కా పనిచేయదు. ముందు పదాలు నేర్పాల్సిందే.

ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు కూడా ఇంట్లో ఈ సాధన చేయించవచ్చు. పిల్లలు ఒక పేరా చదివాక, పుస్తకం మూయించి, 'ఇది ఎందుకు రాశారు?' అని తెలుగులోనో ఉర్దూలోనో అడగండి. ఒక్క వాక్యంలో చెప్పగలిగితే, ఆ వాక్యానికి దగ్గరగా ఉన్న శీర్షికను వెతుక్కోవడమే మిగులుతుంది.