మృగశిర రాగానే షెడ్డు తెరలు ఎత్తేయ్

రాజేంద్రనగర్,
మార్చి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

పాల్మాకులలో షెడ్డు పూర్తయిందని, నాలుగు ముర్రా బర్రెలు, రెండు సంకరజాతి ఆవులు దిగాయని అక్క ఫోన్‌లో చెప్పింది. ఎండాకాలానికి ఫాగర్లు పెట్టిస్తే సరిపోతుందా అని నువ్వు అడిగావట. ఏప్రిల్, మే నెలల్లో చాలావరకు సరిపోతుంది. జూన్‌లో మాత్రం అదే ఫాగరు నీ పశువులను ఉడకబెడుతుంది. కొనేముందే ఆ సంగతి తెలుసుకుంటావని రాస్తున్నాను.

పశువుకు ఎంత సెగ తగులుతుందో ఉష్ణోగ్రత ఒక్కటే చెప్పదు, గాలిలో తేమను కూడా లెక్కలోకి తీసుకోవాలి. విమానాల కోసం మన ఎయిర్‌పోర్టులో ఈ రెండూ ఎప్పటికప్పుడు కొలుస్తూనే ఉంటారు. ఫోన్‌లో శంషాబాద్ వాతావరణం అని చూసినా రెండు అంకెలూ కనిపిస్తాయి. ఉష్ణోగ్రతను 0.8తో హెచ్చించు. తర్వాత ఉష్ణోగ్రతలోంచి 14.4 తీసేసి, మిగిలినదాన్ని తేమతో హెచ్చించి దానికి కలుపు. తేమ 20 శాతమైతే 0.20 అని వేసుకోవాలి. చివరికి 46.4 కలిపితే వచ్చేదే ఉష్ణ తేమ సూచిక. అది 72 దాటితే పాలిచ్చే సంకరజాతి ఆవుకు ఇబ్బంది మొదలైనట్టే.

మే నెల మధ్యాహ్నం 41 డిగ్రీలు, 20 శాతం తేమ అనుకో. లెక్క 84.5 వస్తుంది. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాక 34 డిగ్రీలు, 60 శాతం తేమ అనుకో. 85.4! మనకేమో చల్లబడిందనిపించి ఫ్యాను కట్టేస్తాం. ఆవుకు మాత్రం మే నెల కంటే ఒక పిసరు ఎక్కువే ఉక్క.

ఫాగరు సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. అది వదిలే సన్నటి తుంపర పొడి గాలిలో ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. గాలిలో అప్పటికే తేమ ఉంటే ఆవిరి కాదు, వెంట్రుకల కొసల మీదే నిలిచి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. పడమటి ఎండకు కట్టే తడి గోనె తెరలదీ అదే కథ. మేలో మధ్యాహ్నం మేలు చేస్తాయి, జూన్‌లో గాలిని ఆపి ఉక్కను లోపలే పెడతాయి. అందుకే తెరలు చుట్టి ఎత్తడానికి వీలుగా కట్టు. మేలోనూ పొద్దు గూకగానే ఎత్తేయ్.

నా మాట వింటే ఫాగర్ల డబ్బు మంచి ఫ్యాన్ల మీద పెట్టు. నీళ్లకు లావు చుక్కల షవరు గానీ మామూలు రబ్బరు పైపు గానీ చాలు. వీపు, మెడ, డొక్కలు చర్మం దాకా తడిసేలా ఒకటి రెండు నిమిషాలు పట్టు. నీళ్లు ఆపి పది పదిహేను నిమిషాలు ఫ్యాను గాలి నేరుగా ఒంటికి తగలనివ్వు. ఆరుతూ ఆ నీరు ఒంట్లోని వేడినే పట్టుకుపోతుంది. ఆరాక మళ్లీ తడుపు. పిండే ముందు, మధ్యాహ్నం, సాయంత్రం ఇలా మూడు నాలుగు విడతలు చెయ్యి. నీళ్లు పొదుగు మీదికి కారేంతగా పట్టకు. పేడ కలిసిన తడి రొమ్ములకు తగిలితే పొదుగువాపు వస్తుంది.

బర్రెకు ఇది మరీ అవసరం. నల్లటి తోలు, పలచటి వెంట్రుకలు, ఆవు కంటే బాగా తక్కువ చెమట గ్రంథులు. నీళ్లలో పడుకోవడమే దానికి తెలిసిన వైద్యం. ఎయిర్‌పోర్టు, ఔటర్ రింగ్ రోడ్డు, వెంచర్ల ప్రహరీల మధ్య నువ్వు దాన్ని ఏ కుంటకు తోలుతావు? కుంట చేసే పని నీ పైపే చెయ్యాలి.

షెడ్డు నీడదే అయినా మధ్యాహ్నం రేకు కింద నిలబడి చూడు, నెత్తి మీద సెగ కొడుతుంది. రేకు పైన సున్నం రెండు పూతలు వేయించి, దాని మీద జొన్న చొప్పో కొబ్బరి మట్టలో పరిచి కట్టు. నిప్పురవ్వ పడకుండా జాగ్రత్త. అవకాశముంటే పగలు పశువులను వేప కిందో కానుగ కిందో కట్టేయడమే నయం, చెట్టు నీడ రేకులా సెగ కక్కదు.

నీళ్లు లెక్కపెట్టి పెట్టకు. వేసవిలో పాలిచ్చే పశువు రోజుకు ఎనభై, వంద లీటర్లు తాగుతుంది, పిండగానే ఎక్కువ తాగుతుంది. అయితే నల్లపైపులో ఎండకు కాగిన నీళ్లు తొట్టిలోకి వస్తే మూతి పెట్టి వదిలేస్తుంది. మధ్యాహ్నం ఆ తొట్టిలో నువ్వు చెయ్యి ముంచి చూడు. ట్యాంకుకు నీడ కట్టించి, పైపును మట్టిలో పూడ్పించు.

ఇక మేత. పశువు కడుపు ఒక పొయ్యి. మేత వేసిన కొన్ని గంటలకు మంట పెరుగుతుంది, వరిగడ్డిలాంటి ముతక మేతకు మరీను. పొద్దున పదింటికి గడ్డి వేస్తే ఆ వేడీ ఎండ వేడీ ఒక్కసారే మీద పడతాయి. కాబట్టి దాణా తెల్లవారుజాము, సాయంత్రం పాల వేళలకే పెట్టు. పచ్చగడ్డి పొద్దున తొమ్మిదిలోపు అయిపోవాలి. వరిగడ్డి రాత్రి ఏడు దాటాక వెయ్యి. రోజు మేతలో మూడింట రెండు వంతులు చల్లటి పూటే పడాలి. దాణాలో మినరల్ మిక్చర్ యాభై గ్రాములు, ఉప్పు ముప్పై గ్రాములు, తినే సోడా యాభై గ్రాములు కలుపు. తినడం తగ్గింది కదా అని గడ్డి తగ్గించి దాణా పెంచకు. నెమరు ఆగిపోతుంది, కడుపు పులుస్తుంది, వెన్న శాతం పడిపోయి పాలకేంద్రంలో రేటు తగ్గుతుంది. శంషాబాద్ ఫంక్షన్ హాళ్లలో మిగిలిన అన్నం డ్రమ్ముల్లో దొరుకుతుందని కొందరు తెచ్చి పోస్తారు. ఆ పని అసలే వద్దు. ఎండాకాలంలో అన్నం తిని కడుపు పులిసి పడిపోయిన బర్రెలను చాలా చూశాను.

పాలను చూసి మేలుకుందామనుకుంటే ఆలస్యమవుతుంది. ఎండ దెబ్బ పాలలో కనబడేది ఒకటి రెండు రోజుల తర్వాతే, అప్పటికి నువ్వు ఆ రోజు దాణాను తిట్టుకుంటుంటావు. దానికన్నా డొక్కను చూసి ఊపిరి లెక్కపెట్టు. చల్లటి పూట నిమిషానికి ముప్పై లోపు ఉంటుంది. అరవై దాటితే వెంటనే తడపాలి. ఎనభై దాటి, నోరు తెరిచి, చొంగ కారుస్తుంటే థర్మామీటరు పెట్టు. మామూలుగా 101.5 దగ్గర ఉండాలి. 104 దాటితే తల నుంచి తోక దాకా నీళ్లు పోస్తూ, ఫ్యాను ఆపకుండా, 1962కు ఫోన్ చేసి పశువైద్య బండిని పిలువు. పడిపోయిన పశువు నోట్లో సీసాతో నీళ్లు పోయనివ్వకు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

రాత్రి పదింటికి కూడా ఒకసారి ఊపిరి లెక్కపెట్టు. అప్పుడూ అరవై దగ్గరే ఉంటే పగటి వేడి ఇంకా దిగలేదని గుర్తు, పడుకునేముందు ఇంకో విడత నీళ్లు, గాలి పెట్టాలి. ఎండాకాలంలో బర్రె ఎద కూడా రాత్రి, తెల్లవారుజామునే బయటపడుతుంది, అరవదు, గట్టిగా చూపదు. వాకిట్లోకి వెళ్లినప్పుడు తీగలు కారుతున్నాయేమో చూసుకో.

ఒక బర్రె ఎనిమిది నెలల చూడి అని అక్క అంది. పాలివ్వదు కదా అని దాన్ని షెడ్డు వెనక రేకు వాలు కింద కట్టేశావేమో. చివరి రెండు నెలల్లో సెగ తగిలితే ఈనాక పొదుగు నిండదు, దూడ కూడా బరువు తక్కువగా పుడుతుంది. దాన్ని ముందు వరుసలోకి తెచ్చి, మొదటి ఫ్యాను దానికే పెట్టు.

మీ మామ