తెల్ల కార్పెట్ మీద నీలం ఇంకు

హాల్లో తెల్ల కార్పెట్ పరిచి నాలుగు రోజులే అయింది. మూడో క్లాసు చదివే బాబు తాతయ్య ఫౌంటెన్ పెన్నులో ఇంకు పోయబోయి సీసా ఒలకబోశాడు. అరచేయంత నీలం మరక! వాడు ముందు ఏం చేశాడో తెలుసా? సోఫా మీది దిండు తెచ్చి దానిమీద కప్పేశాడు.

పది నిమిషాలకి వాళ్ళమ్మ వాడి నీలం వేళ్ళు చూసింది. దిండు తీసింది. "ఏంట్రా ఇది!" అంటూ తడిగుడ్డ పట్టుకుని గబగబా రుద్దబోయింది.

ఆ కేకకి పక్క ఫ్లాట్ మామ్మగారు వచ్చారు. "ఆగమ్మా, రుద్దకు. రుద్దితే ఇంకు పక్కలకి పాకుతుంది, లోపలికీ దిగుతుంది" అన్నారు. బాబు వైపు తిరిగి మెల్లగా అడిగారు. "నాన్నా, ఏ సీసా? ఎంతసేపైంది?"

వాడు ఏడుపు ఆపుకుని సీసా తెచ్చిచ్చాడు. మామూలు నీలం ఇంకే, నీళ్ళతో కడిగితే పోయే రకమని దాని మీద రాసుంది. "అయితే ఫర్వాలేదు" అన్నారు మామ్మగారు.

తెల్ల నూలు గుడ్డ మడిచి మరక మీద గట్టిగా అదిమారు. గుడ్డ నీలమవగానే శుభ్రమైన మడత మార్చారు. మరక పెద్దది కాకుండా అంచు నుంచి మధ్యకి వచ్చారు. గుడ్డకి ఇంకు అంటడం తగ్గాక చెంచాడు చన్నీళ్ళు పోయడం, మళ్ళీ అదమడం. ఇలా చాలాసార్లు.

ఇంకా లేత నీలం మిగిలింది. రెండు కప్పుల చన్నీళ్ళలో అర చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, ముందు సోఫా కింద మూల మీద వేసి చూశారు. కార్పెట్ రంగు మారలేదు. అప్పుడు మరక మీద అద్ది, ఐదు నిమిషాలు ఆగి, అదిమి తీశారు. తర్వాత ఉత్త నీళ్ళతో సబ్బు పోయేదాకా అద్దారు. సబ్బు మిగిలితే అక్కడే దుమ్ము పట్టేస్తుంది మరి.

చివరికి పొడి తువ్వాలు మడత పరిచి, పైన బరువైన పుస్తకాలు పెట్టించారు. "అడుగున మిగిలిన ఇంకు ఆరేటప్పుడు తడితో పాటు పైకొస్తుంది. దాన్ని తువ్వాలు పీల్చుకుంటుంది" అన్నారు. తెల్లారి చూస్తే తువ్వాలు మీద నీలం మచ్చ! కార్పెట్ మీద మాత్రం వెతికితే గానీ కనపడని నీడ.

ఫ్రెండ్స్, ఈ పద్ధతి అన్ని ఇంకులకీ పనిచేయదు. చెరగని నల్ల ఇంకు ఇలా పోదు. బాల్ పెన్ గీతకి నీళ్ళు కాదు, స్పిరిట్ అద్దాలి. ఉన్ని కార్పెట్‌కి బ్లీచ్ వేస్తే దారమే పాడైపోతుంది.

ఇంకో సంగతి. ఇంకు ఆరిపోయే కొద్దీ మొండికేస్తుంది. దిండు కింద పోయిన ఆ పది నిమిషాలు భయం వల్ల పోయినవే. మామ్మగారు మెల్లగా అడిగారు కాబట్టే సీసా వెంటనే బయటికొచ్చింది. అది ఏ ఇంకో తెలిశాకే కదా, ఏం చేయాలో తేలింది!