పలక మీద పందొమ్మిది చుక్కలు

ముండ్లమూరు, దర్శి, మార్కాపురం వైపు నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడినవాళ్లు సెలవులకు వచ్చినప్పుడు దాదాపు ఒకే దిగులు చెబుతుంటారు. ‘‘నాయనమ్మ ఇచ్చిన ఇత్తడి కుంది మావాడికి చూపించి దాని కథంతా చెప్పాను మాస్టారూ. వాడు సరేనని తలూపి ఫోను తీసుకున్నాడు.’’

ఈ దిగులు మనందరిదీ. అయితే ఒక మాట కాస్త కష్టంగానే ఒప్పుకోవాలి. ఆ కుందిని చూస్తే మనకు ఊరు గుర్తొస్తుంది. పిల్లాడికి గుర్తు రావడానికి అందులో ఏమీ లేదు, వాడి ఊరు డాలసే. మన బెంగను వాడు కూడా పడాలని కోరుకోవడం పసివాడి మీద మోయలేని బరువు పెట్టడమే. కథ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ వస్తువును వాడి కళ్లతో చూడనిద్దాం, చేత్తో గీయనిద్దాం.

అన్నిటికన్నా సులువుగా మొదలయ్యేది ముగ్గు. సంక్రాంతి నెలలో అక్కడ వాకిట్లో చలి, లోపలేమో తివాచీ. అందుకే ఈసారి వచ్చినప్పుడు మార్కాపురం పలకా, నాలుగు బలపాలూ తీసుకెళ్లండి. ఆ రాయి పొరలు పొరలుగా విడుతుంది కాబట్టే పలకయింది. తాతముత్తాతల నేలలోంచి వచ్చిన ముక్క వాడి ఒళ్లో ఉంటుంది, ఆ మాట మనం చెప్పకపోయినా. పైగా తడిగుడ్డతో తుడిస్తే తప్పు పోతుంది. కాగితం మీద తప్పు పడితే ముడుచుకుపోయే పిల్లలు పలక మీద ధైర్యంగా గీస్తారు.

అయిదు చుక్కలు, సందు చుక్క మూడు వరకు. చిన్న చేతులకు ఇది చాలు. పలక మధ్యలో అడ్డంగా, సమాన దూరంలో అయిదు చుక్కలు పెట్టించండి. పై వరుసలో నాలుగు, ఒక్కోటి కింది రెండు చుక్కల సందులోకి రావాలి. ఆపైన మూడు. కిందివైపూ అంతే. మొత్తం పందొమ్మిది. వాటి చివరలు కలిపి చూస్తే ఆరు మూలలు కనిపిస్తాయి. నడిమి చుక్క నుంచి ఒక్కో మూలకు ఒక్కో రేక గీస్తే, ప్రతి రేక కడుపులో ఒక చుక్క పడుతుంది. రేకల మధ్య మిగిలిన ఆరు చుక్కల దగ్గర ఆకులు వేసుకోవచ్చు.

మొదటిసారి పువ్వు నిలువుగా సాగినట్టు వస్తుంది. చుక్కకూ చుక్కకూ ఎంత దూరముందో, వరుసకూ వరుసకూ అంతే వదలడం వల్ల అలా అవుతుంది. వరుసల ఎడం కొంచెం తగ్గాలి. ఈ సంగతి మనం ముందే చెప్పకూడదు, బలపం లాక్కోకూడదు. ‘‘ఏ రేక పొడుగ్గా ఉంది?’’ అని అడిగి ఊరుకుందాం. వాడే కనిపెట్టిన కిటుకు వాడిదవుతుంది.

పన్నెండేళ్లు దాటినవాళ్లకు పువ్వు చిన్నపిల్లల ఆట అనిపిస్తుంది. వాళ్లకు మెలికల ముగ్గు ఇవ్వండి. చుక్కలను తాకకుండా వాటి చుట్టూ తిరిగి, గీత బయలుదేరిన చోటికే రావాలి. తమిళుల ముగ్గుల్లోని ఈ పద్ధతిని గిఫ్ట్ సిరోమణి, ఆయన సహచరులు కంప్యూటర్ శాస్త్రంలోని వ్యాకరణ సూత్రాలతో వివరించి 1974లో పరిశోధనా వ్యాసం రాశారు. ప్రోగ్రామింగ్ ఇష్టమున్న పిల్లకు ఈ సంగతి చెవిన వేస్తే చాలు.

ఇక దేవుడి గూడు. స్నేహితులు వచ్చేటప్పుడు పిల్ల దాని తలుపు మూసేస్తే మన మనసు చివుక్కుమంటుంది. ఆ పిల్లకు దేవుడంటే అయిష్టం కాదు. ‘‘ఇదేంటి?’’ అని వాళ్లడిగితే ఏం చెప్పాలో తెలియని భయం. కోప్పడితే భయం పెరుగుతుంది. బదులుగా ఒకరోజు వంటగదిలో కూర్చుందాం. తెల్ల పళ్లెంలో చిటికెడు పసుపు నీళ్లతో కలిపి, అందులో కాస్త వంటసోడా వేయనివ్వండి. పసుపు ఎర్రబారుతుంది. మన ఊళ్లో ఇదే పని సున్నం చేస్తుంది, పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి అలా వచ్చిందే. (సున్నం మాత్రం పిల్లల చేతికి వద్దు, కంట్లో పడితే ప్రమాదం.) ఆ తర్వాత గూట్లో పసుపు పక్కనే ఎరుపు ఎందుకంత నిండుగా కనిపిస్తుందో పిల్లే చూస్తుంది. పూల రంగులు ఎంచి అమర్చే పని తనకే వదిలేయండి. మన వరుస తప్పినా సరే. ఈసారి స్నేహితురాలు అడిగితే తనకు చెప్పడానికి ఒక మాటుంటుంది, చూపించడానికి ఒక పనుంటుంది.

వీడియో కాల్లో మాత్రం ‘‘నాయనమ్మకు చూపించు’’ అని పిల్లల్ని నిలబెట్టకండి. పలక ఫోటో తీసి పంపండి, చాలు. ఆమె చూసి ‘‘రెండో వరుసలో చుక్క జరిగిందే’’ అంటే అననివ్వండి, సర్దిచెప్పడానికి మధ్యలోకి వెళ్లకండి. పని తెలిసినవాళ్లు తప్పు పట్టినప్పుడు పిల్లలు మనం అనుకున్నంత నొచ్చుకోరు. తుడిచి మళ్లీ వేస్తారు.