గోడ క్యాలెండర్‌ను ఫోన్‌లోకి ఎక్కించడం ఎలా?

అరకులో శుక్రవారం సంత. కొండ మీది ఊళ్లవాళ్లకు వారమంతా ఆ రోజు చుట్టూనే తిరుగుతుంది. అందుకే ఇంటి గోడ మీది క్యాలెండర్‌లో సంత, వైద్య శిబిరం, కాఫీ తోటలో కలుపు అన్నీ పెన్నుతో రాసి ఉంటాయి. ఆ పేజీని ఒక్కసారి ఫోన్ క్యాలెండర్‌లోకి తెచ్చుకుంటే, సిగ్నల్ లేని చోట కూడా గంట మోగి గుర్తుచేసేలా పెట్టుకోవచ్చు. ఆగస్టు 2026 పేజీ తీసుకుని చేసి చూద్దాం.

ముందు ఫోటో. క్యాలెండర్‌ను గోడ మీంచి దించి, గుమ్మం దగ్గర పగటి వెలుతురులో నేల మీద పరచండి. ఫోన్‌ను దానికి సరిగ్గా పైన పట్టుకుని తీయండి. పక్కనుంచి తీస్తే గళ్లు వాలిపోయి, రాత ఏ గడిదో తెలియదు.

అసలు చిక్కు గడులు చదవడంలో ఉంది. మన తెలుగు క్యాలెండర్లలో చాలావాటికి వారాల పేర్లు ఎడమ పక్కన పైనుంచి కిందికి ఉంటాయి, తేదీలు కూడా నిలువుగానే దిగుతాయి. ఫోటోలోంచి అక్షరాలు తీసే యాప్‌లు అడ్డంగా చదువుతాయి కాబట్టి ఆదివారం వరుసను 30, 2, 9, 16, 23 అని ఇస్తాయి. మొదట్లో ఆ 30 ఏమిటి? ఆగస్టు 1 శనివారం పడింది. అయిదు నిలువు వరుసలు 29తో నిండిపోయాయి. మిగిలిన 30, 31 మొదటి వరుసలో పైనున్న ఖాళీ గళ్లలోకి ఎక్కాయి. వాటి పక్కన రాసింది నెల మొదట్లో పని అనుకుంటే నెల రోజులు తేడా వస్తుంది. అందుకే యాప్‌ను నమ్ముకోకుండా 1 నుంచి 31 వరకు వేలు పెట్టి ఒక్కో గడి మీరే చదివి రాసుకోవడం మేలు. ఒక పేజీకి అదేం పెద్ద పని కాదు.

గీతల దగ్గర కూడా ఆగాలి. 18 నుంచి 20 దాకా నిలువు గీత గీసి ‘క్యాంపు 9–4’ అని ఉందనుకోండి. దాన్ని మూడు రోజుల ఏకధాటి పనిగా రాస్తే రాత్రుళ్లు కూడా అందులో కలిసిపోతాయి, కాబట్టి మూడు రోజులకు మూడు వరుసలు రాయండి. ‘కలుపు’ గీత 22 దగ్గర పేజీ అడుగుకు చేరి ఆగినట్టు కనిపిస్తుంది. పక్క వరుస పైన 23, 24 గళ్లలో దాని మిగతా ముక్క ఉందేమో చూడండి.

ఇక అచ్చులో ఉన్న పంచాంగం. 6వ తేదీ గురువారం గడిలో ‘వ. రా. 11.50 – 1.25’ అని ఉందనుకుందాం. అంటే వర్జ్యం రాత్రి పదకొండూ యాభైకి మొదలై ఒంటిగంటా ఇరవై అయిదుకు ముగుస్తుంది. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కనుక ఆ ముగింపును కూడా గురువారం గడిలోనే వేశారు. ఫోన్‌కు మాత్రం అర్ధరాత్రి దాటితే 7వ తేదీ. ‘తె.’ అని ఉన్న తెల్లవారుజాము సమయాలన్నిటికీ ఇదే లెక్క. తిథికైతే గడిలో ముగింపు సమయమే ఇస్తారు. దాని మొదలు కావాలంటే ముందు తిథి ఎప్పుడు ముగిసిందో చూడాలి.

ఇప్పుడు కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి ఇలా టైపు చేయండి:

```
Subject,Start Date,Start Time,End Date,End Time
వర్జ్యం,08/06/2026,11:50 PM,08/07/2026,01:25 AM
సంత,08/07/2026,08:00 AM,08/07/2026,02:00 PM
క్యాంపు,08/18/2026,09:00 AM,08/18/2026,04:00 PM
```

మిగతా సంతలకు, క్యాంపు రోజులకు కూడా ఇలాగే ఒక్కో వరుస చేర్చండి. నెల ముందు, రోజు తర్వాత రాయాలి. గడిలో ‘మీటింగ్ 10’ అని మాత్రమే ఉంటే, రాసినవాళ్లను అడగండి. వాళ్లు దొరక్కపోతే ఒక గంట పెట్టి, పేరు పక్కన ‘ముగింపు తెలియదు’ అని చేర్చండి. కలుపులాంటి వేళ లేని పనులకు తెల్లవారి వెళ్లే సమయం, తిరిగొచ్చే సమయం ఇంట్లోవాళ్లను అడిగి వేయండి.

ఫైల్‌ను `august.csv` పేరుతో, UTF-8 ఎంచుకుని దాచండి. లేకపోతే తెలుగు అక్షరాలు గజిబిజి అవుతాయి. తర్వాత బ్రౌజర్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి, ముందుగా ‘ఊరు’ అనో మరో పేరుతోనో కొత్త క్యాలెండర్ ఒకటి చేసుకోండి. Settings లోని Import & export దగ్గర ఫైల్‌ను అందులోకే పంపండి. తప్పు జరిగితే ఆ ఒక్కటీ తీసేస్తే చాలు, మీ పాత నోట్సు పోవు.

సరిగా వచ్చిందో లేదో సంతే చెబుతుంది. నాలుగు సంతలూ 7, 14, 21, 28 తేదీల్లో, శుక్రవారాల్లోనే కనిపించాలి. మొదటి సంత జులై 8 బుధవారం కనిపిస్తే, మీరు రోజు ముందు, నెల తర్వాత రాశారన్నమాట.