గడువు దాటిన బిల్లుకు ఎర్రరంగు

హైదరాబాదు తూర్పు అంచున ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో చిన్న చిన్న కార్ఖానాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒక కార్ఖానా మరలు చేసి, పెద్ద కంపెనీకి అరువుమీద పంపిందనుకుందాం. సరుకు వెళ్ళింది, డబ్బు మాత్రం తర్వాత వస్తుంది. అది వేళకు రాకపోతే పనివాళ్ళకు జీతాలెలా ఇవ్వాలి? అందుకే 2006 నాటి చట్టం ఒకటి సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు రక్షణ కల్పించింది. రాతపూర్వకమైన ఒప్పందం ఉన్నా సరే, సరుకు అందుకున్నవారు 45 రోజులకు మించి గడువు పెట్టుకోరాదు. ఆ పైన ఆలస్యమైతే వడ్డీ చెల్లించాలి. మరి ఏ బిల్లు గడువు దాటిందో గుర్తించేదెలా? ఎక్సెల్ పట్టికచేతే ఆ పని చేయిద్దాం.

మొదటి వరుసలో శీర్షికలు రాయండి. A గడిలో బిల్లు నంబరు, B లో కొన్నవారి పేరు, C లో సరుకు ముట్టిన తేదీ, D లో చెల్లించవలసిన తేదీ, E లో మొత్తం, F లో డబ్బు ముట్టిన తేదీ. ఇక మూడు బిల్లులు చూద్దాం. ఈరోజు 2025 ఆగస్టు 20 అనుకోండి. మూడింటికీ గడువు 45 రోజులే.

రెండవ వరుసలోని సరుకు జూలై 1న ముట్టింది. గడువు ఆగస్టు 15. మొత్తం 18,000 రూపాయలు. డబ్బు రాలేదు. మూడవ వరుసలోనిది జూలై 10న ముట్టింది. గడువు ఆగస్టు 24. అదీ రాలేదు. నాలుగవ వరుసలోని దానికి గడువు ఆగస్టు 4. ఆగస్టు 1నే డబ్బు ముట్టింది. కనుక ఎర్రబడవలసింది రెండవ వరుస ఒక్కటే.

A2 దగ్గర మొదలుపెట్టి F4 వరకు గడులను ఎంచుకోండి. Home లో Conditional Formatting, అందులో New Rule, అందులో Use a formula to determine which cells to format నొక్కి, ఈ సూత్రం రాయండి:

```
=AND($D2<>"",$D2<TODAY(),$F2="")
```

తర్వాత Format నొక్కి ఎర్రరంగు ఎన్నుకోండి. ఈ సూత్రంలో మూడు షరతులున్నాయి. గడువు తేదీ రాసి ఉండాలి. అది ఈరోజుకు ముందుదై ఉండాలి. డబ్బు ముట్టిన గడి ఖాళీగా ఉండాలి. మూడూ నిజమైతేనే రంగు పడుతుంది. మొదటి షరతు ఎందుకంటారా? ఎక్సెల్ ఖాళీ గడిని సున్నాగా లెక్కిస్తుంది. సున్నా ఏ తేదీకన్నా చిన్నదే కనుక, ఆ షరతు లేకపోతే ఖాళీ వరుసలూ ఎర్రబడతాయి.

అసలు కీలకం డాలరు గుర్తులో ఉంది. ఎక్సెల్ ఈ సూత్రాన్ని ఒక్కొక్క గడికీ విడివిడిగా వర్తింపజేస్తుంది. D ముందు డాలరు ఉంటే, B గడి అయినా, E గడి అయినా, D నిలువు వరుసనే చూస్తుంది. 2 ముందు డాలరు లేదు కనుక, మూడవ వరుసలో అది D3 అవుతుంది. అందుకే వరుస మొత్తం ఒకే తీర్పు పొందుతుంది.

డాలరు తీసేస్తే ఏమవుతుంది? B2 గడి D2 కి బదులు E2 ని చూస్తుంది. అక్కడున్నది 18,000. ఎక్సెల్ తేదీలను 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకొని లెక్కిస్తుంది గనుక, 18,000 అంటే 1949 ఏప్రిల్ నాటి తేదీ! రూపాయలు తేదీలైపోయి B2 ఎర్రబడుతుంది. వరుసలో ఒక ముక్కకు రంగు పడి, మరొక ముక్కకు పడకపోతే, డాలరు మరిచారని గుర్తించండి. అలాకాక $D$2 అని రాస్తే అన్ని వరుసలూ రెండవ వరుస గడువునే చూస్తాయి. అప్పుడు గడువు దాటని మూడవ వరుసా ఎర్రబడుతుంది.

ఇంకొక చిక్కు కంటికి కనిపించదు. తేదీని చుక్కలతో 15.08.2025 అని కొడితే చాలా కంప్యూటర్లలో అది తేదీ కాదు, వట్టి అక్షరాలు. ఎక్సెల్‌లో అక్షరాలు ఏ సంఖ్యకన్నా పెద్దవే. కనుక ఆ బిల్లు ఎంత పాతదైనా ఎన్నడూ ఎర్రబడదు! గుర్తించేదెలా? నిజమైన తేదీ గడిలో కుడివైపు ఒదుగుతుంది. అక్షరాలు ఎడమవైపు నిలుస్తాయి. సందేహముంటే పక్క గడిలో ఇలా రాయండి. FALSE వస్తే అది తేదీ కాదు.

```
=ISNUMBER(D2)
```

డబ్బు సగమే వచ్చినప్పుడు F లో తేదీ వేయకండి. వేస్తే మిగతా సగం బాకీ రంగు కోల్పోయి మరుగున పడుతుంది.

ఇప్పుడు మీకొక ప్రశ్న. గడువు మరో ఏడు రోజుల్లో ముగిసే బిల్లులు పసుపురంగులో కనబడాలంటే సూత్రం ఎలా మార్చాలి? TODAY()+7 ను వాడి చూడండి. ఆగస్టు 20న మూడవ వరుస ఒక్కటే పసుపుగా మారితే మీ జవాబు సరైనదే.