కొట్టుకుపోయిన కుట్టుమిషన్

ప్రశ్న: హుద్‌హుద్ తుఫాను నేపథ్యంలో కథ రాస్తున్నాను. అరకులో గెడ్డ పొంగి ఇల్లు మునుగుతుంది. కూతురు నెలల ముందే ప్రతి గదినీ ఫొటో తీసి ఉండడంతో బీమా సొమ్ము వస్తుంది. నమ్మేలా ఉందా?

జవాబు: ఉంది. కానీ ఫొటో చూసి ఎవరూ డబ్బివ్వరు. ముందు వరద నష్టం వర్తించే పాలసీ ఉండాలి. 2014 అక్టోబరు 12 నాటి తుఫాను తర్వాత వచ్చిన సర్వేయర్ బురదపట్టిన బీరువాను చూడగలడు, కొట్టుకుపోయిన కుట్టుమిషన్‌ను చూడలేడు కదా! ఫొటో అక్కరకొచ్చేది అక్కడే: కిటికీ పక్కన మిషన్, దానిమీద చదవగలిగే నంబరు. వాట్సాప్‌లో పంపితే ఫైల్లోని తీసిన తేదీ సాధారణంగా పోతుంది. అందుకే అమ్మాయి విశాఖ హాస్టల్లో ఉంటున్నట్టు రాసి, అసలు ఫైళ్లున్న మెమరీ కార్డును ఆమె దగ్గరే ఉంచండి. పాత మిషన్‌కు అప్పట్లో సాధారణంగా తరుగు తీసేసేవారు, కొత్తదాని ధర రాయకండి.